ఒక సాధన దొరికితే మిగతావి ఎక్కడుంటాయి? నల్ స్పేస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు వైపు డిగ్రీ, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలు లీనియర్ ఆల్జీబ్రాలో ‘ఒక ప్రత్యేక సాధనకు నల్ స్పేస్ కలిపితే అన్ని సాధనలూ వస్తాయి’ అనే సూత్రం గురించి నన్ను ఎక్కువగా అడిగేవి ఇవి. లెక్క చేయడం చాలామందికి వచ్చు. చేసిన లెక్క బొమ్మలో ఎలా ఉంటుందో తెలియకే తికమక పడతారు. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్తాను.

అసలు ఈ సూత్రం ఏం చెబుతోంది?

దామలచెరువు మామిడి మండీలో ఒకాయన మూడు రకాల కాయలు కొన్నాడు అనుకుందాం. తోతాపురి x క్రేట్లు, నీలం y క్రేట్లు, బేనీషా z క్రేట్లు. క్రేటు ధర వరసగా 200, 400, 600 రూపాయలు. (ఇవి లెక్క కుదరడానికి నేను వేసుకున్న అంకెలు. ఈ ధరలు పట్టుకుని మండీకి వెళ్లకండి.) చీటీలో రెండే సంగతులు మిగిలాయి: మొత్తం 20 క్రేట్లు, బిల్లు 7200 రూపాయలు. బిల్లును 200తో భాగిస్తే మన సమీకరణాలు ఇవి:

x + y + z = 20
x + 2y + 3z = 36

ఏ రకం ఎన్ని క్రేట్లు? తెలియనివి మూడు, సమీకరణాలు రెండు. కాబట్టి ఒకే జవాబు వస్తుందని ఆశించలేం. ముందు ఏదో ఒక జవాబు పట్టుకుందాం. బేనీషా అసలు కొనలేదనుకుని z = 0 పెడితే y = 16, x = 4 వస్తాయి. ఇది ఒక ప్రత్యేక సాధన: (4, 16, 0).

ఇప్పుడు కుడివైపు అంకెలు తీసేసి సున్నాలు పెట్టండి: x + y + z = 0, x + 2y + 3z = 0. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే y = −2z, ఆపైన x = z. అంటే (1, −2, 1), దాని గుణిజాలు. ఈ గుణిజాలన్నీ కలిస్తే అదే నల్ స్పేస్. మన లెక్కకు మొత్తం సాధనలు:

(x, y, z) = (4, 16, 0) + t(1, −2, 1)

సూత్రం చెప్పేది ఇంతే. ఎడమవైపు గుణకాల మాత్రికను A అని, కుడివైపు అంకెలను b అని, తెలియనివి మూడూ కలిపిన వెక్టర్‌ను x అని రాస్తే, Ax = b కి ఒక్క సాధన దొరికితే చాలు, దానికి A నల్ స్పేస్‌లోని వెక్టర్లన్నీ ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే మిగతా సాధనలన్నీ వస్తాయి. ఒక్కటీ మిస్ కాదు, అదనంగా ఒక్కటీ చేరదు.

సార్, (1, −2, 1)లో మైనస్ రెండు క్రేట్లు ఏమిటి? నెగటివ్ క్రేట్లు ఉంటాయా?

ఉండవు. ఆ వెక్టర్ కొన్న సరుకు కాదు, సరుకులో చేసే మార్పు. రెండు నీలం క్రేట్లు వెనక్కి ఇచ్చి, బదులుగా ఒక తోతాపురి, ఒక బేనీషా తీసుకోండి. రెండు ఇచ్చి రెండు తెచ్చుకున్నారు కాబట్టి క్రేట్ల లెక్క మారలేదు. 800 వెనక్కి వచ్చింది, 200 + 600 ఖర్చయింది కాబట్టి బిల్లూ మారలేదు. చీటీ చూసేవాడికి ఈ మార్పిడి జరిగినట్టే తెలియదు.

నల్ స్పేస్ అంటే ఇలా చీటీకి కనపడని మార్పిడులన్నీ. A అనే మాత్రిక మనకు చూపించేది రెండు అంకెలే, మొత్తం క్రేట్లు, మొత్తం ధర. ఆ రెండింటినీ కదిలించకుండా లోపల సరుకును ఎటు జరపగలమో ఆ దిశే (1, −2, 1).

క్రేట్లు నెగటివ్ కాకూడదు, ముక్కలు కాకూడదు అనే షరతు బయటి నుంచి వచ్చింది, సమీకరణాల్లో అది లేదు. దాన్ని చివర్లో పెట్టుకోవాలి. 4 + t, 16 − 2t, t మూడూ సున్నా లేదా అంతకంటే ఎక్కువ కావాలంటే t విలువ 0 నుంచి 8 వరకే. పూర్ణాంకాలు కావాలి కాబట్టి తొమ్మిది జవాబులు. మొదటిది (4, 16, 0), చివరిది (12, 0, 8).

బొమ్మలో ఇది ఎలా కనిపిస్తుంది?

x + y + z = 20 అనేది త్రిమితీయ స్థలంలో ఒక తలం. x + 2y + 3z = 36 ఇంకో తలం. ఈ రెండూ సమాంతరం కావు కాబట్టి ఎక్కడో ఒకచోట ఒకదాన్ని ఒకటి కోసుకోవాలి. గదిలో రెండు గోడలు కలిసే మూలలో పైనుంచి కిందికి ఒక గీత కనిపిస్తుందే, అలా. ఆ గీత మీద ఉన్న ప్రతి బిందువూ రెండు సమీకరణాలనూ తృప్తిపరుస్తుంది. మన సాధనలన్నీ ఆ గీత మీదే ఉన్నాయి. గీత బయట ఒక్కటీ లేదు.

ఇప్పుడు కుడివైపు సున్నాలు పెట్టిన సమీకరణాల సంగతి చూడండి. x + y + z = 0 అనే తలం మొదటి తలానికి సమాంతరంగా ఉంటుంది, ఎందుకంటే ఎడమవైపు గుణకాలు మారలేదు, తలం ఎటు తిరిగి ఉందో చెప్పేవి అవే. తేడా ఏమిటంటే ఇది మూలబిందువు గుండా పోతుంది. రెండో తలం కూడా అలాగే మూలబిందువు దాకా జరిగింది. రెండు తలాలూ వాటి వాటి దిశలు మార్చుకోకుండా జరిగాయి కాబట్టి అవి కోసుకునే గీత కూడా దిశ మార్చుకోకుండా జరిగి, మూలబిందువు గుండా పోతుంది. ఆ గీతే నల్ స్పేస్.

వెనక్కి చదివితే, నల్ స్పేస్ గీతను మూలబిందువు దగ్గర పట్టుకుని, తిప్పకుండా, వంచకుండా, (4, 16, 0) దగ్గరికి తెచ్చి పెడితే మన సాధనల గీత తయారవుతుంది. ప్రత్యేక సాధన చెప్పేది ‘ఎక్కడికి జరపాలి’ అని. నల్ స్పేస్ చెప్పేది ‘ఏ ఆకారాన్ని, ఏ దిశలో’ అని. ఈ రెండు పనులను విడివిడిగా చూడగలిగితే ఈ చాప్టర్‌లో సగం టెన్షన్ పోతుంది.

అన్ని సాధనలూ ఇలాగే వస్తాయని గ్యారంటీ ఏమిటి?

రుజువు రెండు వాక్యాలే. p, q రెండూ సాధనలైతే Ap = b, Aq = b; తీసివేస్తే A(q − p) = 0, అంటే q − p నల్ స్పేస్‌లో ఉంది, కాబట్టి q = p + (నల్ స్పేస్‌లో ఒక వెక్టర్). తిరగేసి చూస్తే, n నల్ స్పేస్‌లో ఉంటే A(p + n) = b + 0 = b, కాబట్టి p + n కూడా సాధనే.

మొదటి వాక్యం ఏ సాధనా తప్పించుకోదని చెబుతుంది, రెండోది దొంగ సాధన చేరదని. పరీక్షలో చాలామంది రెండోది ఒక్కటే రాసి వదిలేస్తారు, మార్కులు సగం పోతాయి. రుజువులో బలం అంతా ఆ తీసివేతలోనే ఉంది. కుడివైపు b ఏదైనా సరే, రెండు సాధనల తేడాలో అది కొట్టుకుపోతుంది.

నా జవాబు గైడ్‌లో ఉన్నదానితో కలవలేదు. తప్పు చేశానా?

చేసి ఉండకపోవచ్చు. z = 0 బదులు y = 0 పెట్టినవాళ్లకు (12, 0, 8) వస్తుంది. దిశను ఇంకొకరు (−2, 4, −2) అని రాసి ఉంటారు. అప్పుడు వాళ్ల జవాబు (12, 0, 8) + s(−2, 4, −2). చూడటానికి మన జవాబుతో పోలికే లేదు, కానీ గీత అదే. గీత మీద ఎక్కడ నిలబడి మొదలుపెట్టినా, ఎంత పెద్ద అడుగులు వేసినా గీత మారదు.

సరిచూసుకోవడానికి రెండు పనులు చేయండి. ఒకటి, వాళ్ల మొదటి బిందువులోంచి మీది తీసేయండి. (12, 0, 8) − (4, 16, 0) = (8, −16, 8), అంటే 8(1, −2, 1). అది నల్ స్పేస్‌లోనే ఉంది, బాగుంది. రెండు, వాళ్ల దిశ మీ దిశకు సున్నా కాని గుణిజమేనా చూడండి. ఇక్కడ −2 రెట్లు. ఫ్రీ వేరియబుల్స్ ఒకటి కంటే ఎక్కువ ఉంటే వాళ్ల దిశలు ప్రతి ఒక్కటీ మీ దిశల కలయికగా రావాలి, మీవి కూడా వాళ్లవాటి కలయికగా రావాలి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. s ఏ వాస్తవ సంఖ్యైనా కావచ్చు అన్నప్పుడే ఈ రెండు జవాబులూ ఒకటి. క్రేట్లు కదా అని s కి పూర్ణాంకాలే వేస్తే రెండో జవాబు గీత మీద ఒకటి విడిచి ఒకటి దూకుతూ పోతుంది. (12, 0, 8), (10, 4, 6), (8, 8, 4) వస్తాయి కానీ (11, 2, 7) రాదు. పూర్ణాంక జవాబులు లెక్కపెట్టాల్సి వస్తే దిశలోని ఉమ్మడి కారణాంకం ముందే తీసేయండి.

సాధనల సమితిని సబ్ స్పేస్ అనవచ్చా?

b సున్నా కానప్పుడు అనకూడదు. సబ్ స్పేస్ అయితే మూలబిందువు అందులో ఉండాలి. సున్నా క్రేట్లు కొని 7200 బిల్లు ఎవరూ కట్టరు కదా.

కూడికతో కూడా తెలుస్తుంది. (4, 16, 0), (12, 0, 8) కలిపితే (16, 16, 8) వస్తుంది, అది 40 క్రేట్ల సరుకు. రెండు సాధనలను కూడితే Ax = 2b కి సాధన వస్తుంది, Ax = b కి కాదు. కానీ సగటు తీస్తే (8, 8, 4) వస్తుంది, వేసి చూడండి, 8 + 8 + 4 = 20, 8 + 16 + 12 = 36. సగటు ఎందుకు పనిచేసిందంటే రెండు సగాలు కలిస్తే ఒకటి అవుతుంది కాబట్టి. గుణకాల మొత్తం 1 అయినంత వరకు గీత దాటి బయటికి పోము.

పేపర్లు దిద్దేటప్పుడు తరచుగా కనిపించే తప్పు కూడా ఈ కోవదే. జవాబును s(4, 16, 0) + t(1, −2, 1) అని రాస్తారు. ప్రత్యేక సాధన ముందు పారామీటర్ పెట్టిన క్షణంలో అది గీత కాకుండా మూలబిందువు గుండా పోయే తలం అయిపోతుంది. ప్రత్యేక సాధన ముందు ఎప్పుడూ 1 మాత్రమే.

బిల్లు మారితే మళ్లీ మొదటి నుంచి చేయాలా?

అక్కర్లేదు. క్రేట్లు 20 అలాగే ఉండి, బిల్లు 8000 అయిందనుకోండి. రెండో సమీకరణం కుడివైపు 40 అవుతుంది. నల్ స్పేస్ A మీద మాత్రమే ఆధారపడుతుంది, b మీద కాదు, కాబట్టి (1, −2, 1) అలాగే ఉంటుంది. కొత్త ప్రత్యేక సాధన ఒకటి వెతికితే చాలు: (0, 20, 0). కొత్త గీత (0, 20, 0) + t(1, −2, 1), పాతదానికి సమాంతరం.

ఈసారి ఎన్ని జవాబులు అని లెక్కపెడితే మళ్లీ t = 0 నుంచి మొదలై t = 10 వరకు వెళ్లవచ్చు, అంటే పదకొండు. దిశ మారలేదు, మార్పిడి నియమం మారలేదు, కానీ క్రేట్లు నెగటివ్ కాని ప్రాంతంలో పడే గీత ముక్క పొడవు మారింది. బిల్లు 4000 అయితే (20, 0, 0) ఒక్కటే మిగులుతుంది, అన్నీ తోతాపురే.

తూకం కూడా తెలిస్తే? మూడో సమీకరణంతో ఒకే జవాబు వచ్చేస్తుందా?

వస్తుందని అందరూ అనుకుంటారు. ఆ మూడో తలం ఎటు తిరిగి ఉందో చూడకుండా చెప్పలేం.

తోతాపురి క్రేటు 18 కిలోలు, నీలం 20, బేనీషా 22 అనుకుందాం. మొత్తం తూకం 392 కిలోలు. కొత్త సమీకరణం 18x + 20y + 22z = 392. ఇందులో (1, −2, 1) వేసి చూడండి: 18 − 40 + 22 = 0. అంటే ఆ మార్పిడి తూకానికి కూడా కనపడదు! మూడో తలం మన గీత దిశకు సమాంతరంగా ఉంది. 392 విషయంలో ఆ తలం సరిగ్గా అదే గీత గుండా పోతుంది, తొమ్మిది జవాబులూ అలాగే మిగులుతాయి. ఎందుకంటే ఈ సమీకరణం కొత్తది కాదు. మొదటిదాన్ని 16తో, రెండోదాన్ని 2తో గుణించి కూడితే ఇదే వస్తుంది. 16 × 20 + 2 × 36 = 392.

ఇప్పుడు కాటా వేసినతను 400 అని రాశాడనుకోండి. గుణకాలు అవే, కాబట్టి నల్ స్పేస్ అదే గీత. కానీ సాధన లేదు. బొమ్మలో మూడు తలాలూ జంటలు జంటలుగా కోసుకుంటాయి. మొదటి రెండూ (4, 16, 0) గుండా, మొదటిదీ మూడోదీ (0, 20, 0) గుండా, రెండోదీ మూడోదీ (5, 15.5, 0) గుండా పోయే గీతల మీద. మూడు గీతలూ (1, −2, 1) దిశలోనే ఉన్నాయి, అందుకే అవి ఎప్పటికీ కలవవు. మధ్యలో మూడు పక్కల గోడలున్న పొడవాటి సొరంగం మిగులుతుంది. రో రిడక్షన్ చేస్తే చివరి వరసలో 0 = 8 అని వస్తుంది, ఆ 8 కిలోలు కాటాకూ లెక్కకూ మధ్య ఉన్న తేడానే.

వ్యవస్థ సంగతం కావాలి, అంటే కనీసం ఒక్క సాధనైనా ఉండాలి అనే షరతు సూత్రంలో ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది. నల్ స్పేస్ ఎప్పుడూ ఉంటుంది, కనీసం సున్నా వెక్టర్ అయినా ఉంటుంది. కానీ దాన్ని తెచ్చి పెట్టడానికి ఒక ప్రత్యేక సాధన దొరకాలి. ఒక్కటీ దొరక్కపోతే జరపడానికి చోటే లేదు.

ఇక ఒకే జవాబు కావాలంటే మూడో తలం గీతను అడ్డంగా కోయాలి. బేనీషా క్రేటు 25 కిలోలు అనుకోండి. గీత మీది బిందువు వేస్తే మొత్తం తూకం 392 + 3t. కాటా 401 చూపిస్తే t = 3, జవాబు (7, 10, 3). ఇప్పుడు నల్ స్పేస్‌లో సున్నా వెక్టర్ ఒక్కటే మిగిలింది.

వీటి మధ్యలో ఇంకో రకం ఉంది, పరీక్షలో రాదు కానీ నిజం లెక్కల్లో దెబ్బ తీసేది అదే. బేనీషా క్రేటు 22.1 కిలోలు అనుకోండి. తూకం 392 + 0.1t అవుతుంది. కాగితం మీద జవాబు ఒక్కటే. కాటా 392.3 చూపిస్తే t = 3. అదే కాటా అర కిలో ఎక్కువ చూపించి 392.8 అంటే t = 8, సరుకు (7, 10, 3) నుంచి (12, 0, 8)కి మారిపోతుంది. అర కిలో తేడాకు పది నీలం క్రేట్లు మాయం. తలం గీతను దాదాపు సమాంతరంగా రాసుకుంటూ పోతోంది కాబట్టి ఎక్కడ కోస్తుందో చెప్పడం కష్టం. మాత్రిక ప్రకారం నల్ స్పేస్ సున్నాయే, కానీ (1, −2, 1) దిశలో అనుమానం పోలేదు.

ఫ్రీ వేరియబుల్స్ రెండు ఉంటే?

గీత బదులు తలం వస్తుంది. బిల్లు కూడా పోయి 20 క్రేట్లు అన్న మాట ఒక్కటే మిగిలితే సాధనలు (20, 0, 0) + s(−1, 1, 0) + t(−1, 0, 1). తెలియనివి 3, మాత్రిక కోటి అంటే ర్యాంక్ 1, తేడా 2. మూలబిందువు గుండా పోయే x + y + z = 0 తలాన్నే ఎత్తి పెట్టినట్టు. క్రేట్లు నెగటివ్ కాకూడదంటే ఆ తలంలో ఒక త్రిభుజం ముక్క మిగులుతుంది, మూలలు మూడూ ఒక్కో రకం 20 చొప్పున.

కంప్యూటర్‌లో వేస్తే భిన్నాలు వస్తున్నాయి. ఎందుకు?

ఇలా వేసి ఉంటారు:

```python
import numpy as np
A = np.array([[1, 1, 1], [1, 2, 3]])
b = np.array([20, 36])
print(np.linalg.lstsq(A, b, rcond=None)[0])
```

జవాబు సుమారు 8.667, 6.667, 4.667, అంటే (26/3, 20/3, 14/3). ఇదీ మన గీత మీదిదే, t = 14/3 దగ్గర. గీత మీద లెక్కలేనన్ని బిందువులుంటే `lstsq` మూలబిందువుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని ఇస్తుంది. మూలబిందువు నుంచి గీత మీదికి లంబం గీస్తే అది తగిలే చోటు. సరిచూడండి: 26/3 − 2 × 20/3 + 14/3 = 0, అంటే ఈ వెక్టర్ (1, −2, 1)కి లంబంగా ఉంది. నల్ స్పేస్‌కు లంబంగా ఉండే ప్రత్యేక సాధన ఒకే ఒక్కటి ఉంటుంది, కంప్యూటర్ దాన్నే ఎంచుకుంటుంది. మండీ ఆయనకు అది పనికిరాదు, క్రేటులో మూడో వంతు ఎవరు అమ్ముతారు?

`lstsq`తో ఒక ప్రమాదం ఉంది. తూకం 400 వేసిన అసంగత లెక్క ఇచ్చినా అది కోప్పడదు, మూడు తలాలతో వీలైనంత రాజీపడే బిందువు ఒకటి ఇచ్చేస్తుంది. వచ్చిన జవాబును A తో గుణించి b వస్తోందో లేదో చూసుకోవడం మన పని.

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో సి.ఎఫ్. ప్లస్ పి.ఐ. అంటారు, అదీ ఇదీ ఒకటేనా?

ఒకటే. y″ + y = 5 కి y = 5 ఒక ప్రత్యేక సాధన, y″ + y = 0 కి సాధనలు c₁ cos x + c₂ sin x. అక్కడ A బదులు ‘రెండుసార్లు అవకలనం చేసి, అసలు ప్రమేయాన్ని కలుపు’ అనే పని ఉంది, అది కూడా రేఖీయమే. సి.ఎఫ్. దాని నల్ స్పేస్, రెండు దిశలున్న తలం. y = 5 దాన్ని జరిపే బిందువు. పైన చేసిన తీసివేత రుజువులో మాత్రిక అనే మాట ఎక్కడా వాడలేదు, రేఖీయత ఒక్కటే వాడాం, అందుకే అది ఇక్కడ కూడా అక్షరం మారకుండా పనిచేస్తుంది. y″ + y² = 5 లాంటి దాని దగ్గర మాత్రం ఆగిపోతుంది. అక్కడ రెండు సాధనల తేడా తీసినా కుడివైపు శుభ్రంగా కొట్టుకుపోదు.